సమ్మమ్మ పరిచయం

"వింటున్న అందరికీ నమస్కారం. ఎవరి పనిలో వాళ్లుండండి, చెవి మాత్రం ఇటు వేయండి. ఇది 'మన నడుమ మనిషి'."

ఆదివారం పొద్దున రేడియోలో ఈ మూడు మాటలూ వినబడితే వరంగల్ చౌరస్తాలో దుకాణాలు కడిగేవాళ్లు కూడా చీపురు ఆపేవారు. మాటలు రాసిందీ, పలికేదీ రాజేశ్వరే. హన్మకొండలో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేది. బట్టల కొట్టువాళ్ల ఇంటి ఆడపడుచు. పెళ్లి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లను ఇంట్లోకి రానిచ్చేది కాదు. మామూలుగానే కొంచెం కోపిష్ఠి అని బడిలో పేరు. మైకు ముందు మాత్రం ఆ గొంతులో ఎక్కడలేని నిదానం వచ్చేది.

పావుగంట కార్యక్రమం. ఖర్చు పైరుకాపు అనే పురుగుమందుల కంపెనీది. తయారు చేయించేవాడు ప్రకటనల ఏజెన్సీ నడిపే కిషన్ రావు. సినిమా హాళ్లలో స్లైడ్లు వేయించడం, గోడల మీద ప్రకటనలు రాయించడంతో మొదలుపెట్టి రేడియో దాకా వచ్చిన మనిషి. రికార్డింగు సుబేదారిలో యాదగిరి గదిలో జరిగేది. గోడలకు బొంతలు, కిటికీకి గోనెసంచులు, పైన ఎర్రబల్బు, ఒక మైకు, పక్కగదిలో టేపు చుట్టలు తిరిగే పెద్ద స్పూల్ మిషను. ఫ్యాను శబ్దం టేపులోకి ఎక్కుతుందని రికార్డింగు మొదలయ్యే ముందే ఆపేసేవాడు యాదగిరి. అక్కడినుంచి లోపలున్న వాళ్లందరూ చెమటతో తడిసేవాళ్లు.

రాజేశ్వరి ఒక పద్ధతి పెట్టుకుంది. వచ్చిన మనిషిని పరిచయం చేసేటప్పుడు పేరు చివర చెప్పేది. పేరు ముందే చెబితే వినేవాడికి అది గాలికి పోతుంది, ఎవరో ఏమిటో తెలిసి, వీళ్లెవరబ్బా అనుకుంటున్నప్పుడు చెబితే గుర్తుండిపోతుందని ఆమె నమ్మకం. ముగింపులో మాత్రం పేరు ముందే చెప్పేది. నడుమ రేడియో పెట్టిన వాళ్లకు ఇంతసేపూ మాట్లాడింది ఎవరో తెలియాలి కదా. పరిచయం నాలుగైదు వాక్యాలు దాటకూడదు. వచ్చినవాళ్లు చెప్పబోయేదంతా తనే చెప్పేయకూడదు. పొగడ్త అసలు ఉండకూడదు. అన్నింటికంటే ముఖ్యం, ఆ మనిషి పక్కన కూర్చుని వింటూ 'అవును, నేను ఇదే' అని తలూపాలి.

ఆ వారం పిలిచింది సమ్మమ్మను. పరకాల అవతల పల్లె. మార్కెట్ యార్డుకు ఆమె తెచ్చిన పత్తి చూసి, అంత తెల్లటి పత్తి ఈ ఏడు రాలేదని శాలువా కప్పారు. ముప్పై ఏళ్లు కూడా నిండని ఆడది, మగదిక్కు లేకుండా సేద్యం చేసి తీసిన పంట. పరకాలలో పైరుకాపు మందు అమ్మే డీలరే ఆమె పేరు కిషన్ రావు చెవిన వేశాడు.

రాజేశ్వరి ఎవరినీ చూడకుండా పిలిచేది కాదు. ముందే ఊరికి పోయి కూర్చుని మాట్లాడి వచ్చేది. సమ్మమ్మ ఇంటి ముందు అరుగు మీద సగం పొద్దు కూర్చుంది. అక్కడే తెలిసింది కట్టయ్య సంగతి. సమ్మమ్మ మొగుడు. అంతకు ముందేడు పత్తికి పురుగు పడి, ఎంత కొట్టినా చావకపోతే, డీలరు రెండింతలు కలిపి కొట్టమన్నాడు. వీపున కట్టుకున్న పంపు కారి చొక్కా తడిసింది. మిట్టమధ్యాహ్నం చేనులోనే పడిపోయాడు. నోట్లోంచి నురగ. ఎడ్లబండి మీద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. ఆ డబ్బా మీద పేరు పైరుకాపే. సమ్మమ్మ ఆ డబ్బాను మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఆడకూలీలను వెంటబెట్టుకుని పురుగులు చేత్తో ఏరించింది. పంట తక్కువే వచ్చింది, కానీ బాగా వచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో వస్తూ రాజేశ్వరి చాలా ఆలోచించింది. కంపెనీ ఖర్చుతో నడిచే కార్యక్రమంలో కంపెనీని తిట్టనివ్వరు, ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకని మందు పేరు ఎత్తకుండా పరిచయం రాసింది:

'కిందటేడు ఈమె భర్త కట్టయ్య పత్తికి మందు కొడుతూ చేనులోనే పడిపోయి చనిపోయాడు. పదకొండో రోజు కాగానే ఈమె అదే చేనులో దిగింది. ఈ ఏడు ఆ చేనులో పండిన పత్తిని చూసి మార్కెట్లో పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆమె పేరు సమ్మమ్మ.'

కాగితం కిషన్ రావుకు ఇచ్చింది. టేపుతో పాటు టైపు చేసిన స్క్రిప్టు కూడా రేడియోవాళ్లకు పంపాలి. టేపులో ఏముందో కాగితంలోనూ అదే ఉండాలి. టైపు చేయించే పని ఎప్పుడూ కిషన్ రావుదే.

రికార్డింగు రోజు సమ్మమ్మ అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. అత్త పేరు యాకమ్మ. కట్టయ్య తల్లి. యాదగిరి ఆమెను మూలన స్టూలు మీద కూర్చోబెట్టి, "అవ్వా, ఎర్రబుగ్గ వెలిగినంక దగ్గద్దు, గాజులు సప్పుడు చెయ్యద్దు" అని చెప్పాడు.

"నాకు గాజులెక్కడియి బిడ్డా" అంది యాకమ్మ.

కిషన్ రావు ఆలస్యంగా వచ్చాడు. టైపు కాగితాలు రాజేశ్వరి చేతిలో పెట్టి, "టేపు పట్టుకోని గంటలో మనిషి హైదరాబాద్ బస్సెక్కాలె మేడం, జర జల్దీ కానియ్యండి" అని పక్కగదిలోకి పోయాడు. అద్దంలోంచి యాదగిరి వేలు చూపించాడు. ఎర్రబల్బు వెలిగింది. సంగీతం వచ్చి, సన్నబడి, కిందికి దిగింది.

"వింటున్న అందరికీ నమస్కారం..." రాజేశ్వరి మొదలుపెట్టింది. కంపెనీ పేరు చెప్పింది. పరిచయంలోకి దిగింది. చదివే అలవాటు అలాంటిది, కన్ను వాక్యం మీదికి పోతుండగానే నోరు పలికేస్తుంది.

"భర్త కట్టయ్య దీర్ఘకాలం అనారోగ్యంతో బాధపడి మరణించగా, కుంగిపోకుండా..."

"ఏం రోగం?"

మూలలోంచి యాకమ్మ లేచింది. స్టూలు పడింది.

"నా కొడుక్కు ఏం రోగముండెనే? ఎడ్లు అలిశిపోతె కాడి తానే ఎత్తుకునెటోడు. వానికి రోగమని ఎవలు చెప్పిండ్రు నీకు? మొన్న మా అరుగు మీద గూసోని అన్నీ ఇన్నవు గద! ఇని గిట్ల రాసుకొస్తివా?"

రాజేశ్వరి చేతిలో కాగితం చూసుకుంది. ఆమె రాసిన పరిచయంలో మిగిలింది రెండే ముక్కలు, కట్టయ్య పేరూ సమ్మమ్మ పేరూ. నడుమంతా వేరే. ముగింపు కాగితం తిప్పింది. 'ఆధునిక సస్యరక్షణ మందుల అండతో సిరులు పండించిన సోదరి సమ్మమ్మకు ధన్యవాదాలు' అని ఉంది.

"నేను రాసింది ఇది కాదమ్మా" అంది యాకమ్మతో.

సమ్మమ్మ రాజేశ్వరి మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ చూపు కంటే ముసలామె తిట్లే నయమనిపించింది.

కిషన్ రావు లోపలికి వచ్చాడు. చేతులు జోడించాడు. "అవ్వా, టైపు చేశినోడు ఆగం చేశిండు. తప్పే. ఒక పని జేద్దాం. ముందు ముచ్చట కానియ్యండి. మొదటి మాట, చివరి మాట తర్వాత మంచిగ రాసి రికార్డు చేద్దాం. ఎట్లైనా అవి ఇడిగనే అతికిస్తం. ఏమంటవ్ యాదగిరీ?"

అది నిజమే. పరిచయమూ ముగింపూ తర్వాత రికార్డు చేసి, బ్లేడుతో టేపు కోసి ముందొకటి వెనకొకటి అతికించడం చాలాసార్లు చేసిందే. రాజేశ్వరి సరేనంది. యాకమ్మ గొణుగుతూ కూర్చుంది.

ముచ్చట మొదలైంది. అంత మంచి ముచ్చట ఆ గదిలో ఎన్నడూ జరగలేదు. సమ్మమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మొగుడు పడిపోయిన సాలు దగ్గర ఈ ఏడు కూడా తనే గింజ పెట్టానని చెప్పింది. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటది కానీ అది పురుగులకే అనుకున్నామని చెప్పింది. పురుగులేరే కూలీ ఆడవాళ్లు ఒకరినొకరు ఎలా ఆటపట్టించుకునేవారో చెబుతూ నవ్వింది కూడా. రాజేశ్వరి ఏడెనిమిది ప్రశ్నల కంటే ఎక్కువ అడగలేదు. అడగాల్సిన పని పడలేదు.

అయిపోయాక అత్తాకోడళ్లను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. కిషన్ రావు తలుపు దగ్గరికి వేసి, మళ్లీ అవే టైపు కాగితాలు రాజేశ్వరి ముందు పెట్టాడు.

"ఇప్పుడు చదవండి మేడం."

"టైపు చేసినోడి తప్పన్నరు కద?"

"ముసలామె ముందల ఏమనాలె మరి? కంపెనీ పైసలతోటి కంపెనీ మందు కొడుతుంటె మనిషి సచ్చిండని చెప్తమా? మీకు తెల్వనిదా?"

"మందు పేరు నేను చెప్పలేదు. పత్తికి మందు కొడుతూ అన్న. అంతే."

"పైరుకాపు వారి సమర్పణ అని ముందు చెప్పి, తర్వాత మందు కొడుతూ సచ్చిండంటె పేరు చెప్పినట్టే. రైతులేం గొర్రెలా, అర్థం చేసుకోకపోనీకి?"

"గొర్రెలు కాదని మీకూ తెలుసన్నమాట."

కిషన్ రావు కుర్చీ లాక్కున్నాడు. గొంతు మెత్తబరచాడు. "ఇంటర్వ్యూల ఆమె చెప్పిన మంచి ముచ్చట్లన్నీ ఉంచుతం. సచ్చుడు ముక్క, డబ్బా ముక్క యాదగిరి కోశి పారేస్తడు. మీరు ముందు నాలుగు మాటలు, ఎనక నాలుగు మాటలు చెప్తె చాలు. ఆమె మాటల్లో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. అన్నీ ఆమె అన్నయే."

"నా మాట అబద్ధమైతది."

"మీ మాట ఎవరు పట్టించుకుంటరు మేడం? ఆరంభం, ముగింపు. పెళ్లిల బ్యాండు లెక్క."

మూడేళ్లుగా ఆదివారం ఆదివారం ఆ నాలుగు మాటల కోసం కొట్టిన కొట్టివేతలు, చింపిన కాగితాలు ఆమె కళ్ల ముందు తిరిగాయి. బ్యాండు. ఆమె లేచి నిలబడింది.

"ఇనండి కిషన్ రావు సార్. మనిషి మాట్లాడబోయే ముందు ఎవరన్నా పక్కన నిలబడి ఈమె ఫలానా అని చెప్తే, ఆ తర్వాత ఆ మనిషి ఏం మాట్లాడినా విన్నోడు ఆ ఫలానా మాటగనే ఇంటడు. రోగంతోటి మొగుడు పోయిన ఆడది మందుల అండతోటి పండిచ్చిందని నేను మొదట చెప్పి, చివర చెప్తే, నడుమ ఆమె నవ్విన నవ్వు కూడ మీ డబ్బా మీద బొమ్మ అయితది. నేను చదవ."

"చదవకుంటె భారతి చదువుతది." భారతి కిషన్ రావు అన్నకూతురు. డిగ్రీ చదువుతోంది, ఎగ్జిబిషన్‌లో మైకు పట్టుకుని ప్రకటనలు చెబుతుంది. "పోయి తీసుకస్త. నడుమ ప్రశ్నలు మీ గొంతే ఉంటయి. సమర్పణ భారతి, సంభాషణ రాజేశ్వరి. ఎవలేమంటరు?"

"నా గొంతు తీసెయ్యండి."

"ఆ టేపు ఏజెన్సీది. మీ గొంతు సుత ఆ టేపు మీదున్నంత సేపు ఏజెన్సీదే." స్కూటరు తాళం చేతిలో తిప్పుకుంటూ యాదగిరి వైపు తిరిగాడు. "నేనొచ్చేలోపల కోసుడు కానియ్యి."

తలుపు తీశాడు. ఎదురుగా గుమ్మంలోనే సమ్మమ్మ నిలబడి ఉంది. చాయ్ గ్లాసు చేతిలో ఉంది, తాగలేదు. అతను పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయాడు. స్కూటరు చప్పుడు వీధి చివర దాకా పోయింది.

"అంతా ఇన్న" అంది సమ్మమ్మ.

"చెల్లె, నేను చదవనన్న..."

"నువ్వు సదవకపోతె ఇంకొకామె సదువుతదట గద. నీకేం అక్కా, నువ్ ఇంటికి పోతవ్. నేను మా ఊరికి పోవాలె. మా ఊళ్లె ఇంటింటికి రేడియో ఉన్నది. రేపు ఆ పెట్టెల, కట్టయ్య రోగంతోని సచ్చిండు అనంగనే, ఎంటనే నా గొంతు వత్తది. ఇగ ఎవల గొంతని నమ్ముతరు? నేనే చెప్పిన్నని అంటరు."

ఇంత కోపంలోనూ ఆ సంగతి రాజేశ్వరికి తట్టలేదు. తను తప్పుకుంటే తన చేతులు శుభ్రంగా ఉంటాయని మాత్రమే అనుకుంది. సిగ్గేసింది.

సమ్మమ్మ మైకు వైపు చూసింది. "ఆ ముందటి మాట నేనే చెప్త. ఎనకటిది గూడ నేనే చెప్త. నేనెవలో నాకు తెల్వదా?"

యాదగిరి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అమ్మా, నా దుకాన్ల సగం పని ఆయనిదే. నన్నిందుల పెట్టకుండ్రి."

యాకమ్మ అతని ముందుకు వచ్చి నిలబడింది. "నీకు తల్లున్నదా బిడ్డా?"

"ఉన్నది."

"రేపు నువ్ కరెంటు కొట్టి పడిపోతె, నీ తల్లిని గూసోబెట్టి నీ కొడుకు జరమొచ్చి సచ్చిండని ఎవడన్న చెప్తె, ఆమె ఏం జెయ్యాలె? నువ్వే చెప్పు, గట్లనే చేస్త."

యాదగిరి మిషను మూత తీసి, మళ్లీ వేశాడు. ఆఖరికి, "ఆయన టేపు నేను చెడగొట్ట. దాని నుంచి క్యాసెట్ మీదికి ఎక్కించిస్త. ముందు, వెనక ఈమె మాట పెడ్త. అంతకు మించి నాతోని కాదు" అన్నాడు. ఫ్యాను ఆపాడు.

ఎర్రబల్బు వెలిగింది. సంగీతం లేదు. రాజేశ్వరి కుర్చీలో సమ్మమ్మ కూర్చుంది.

"నేను సమ్మమ్మను. నా పెనిమిటి కట్టయ్య. ఆయనకు ఏ రోగం లేదు. పత్తికి పైరుకాపు మందు కొట్టుకుంట చేన్ల పడి సచ్చిపోయిండు. రెండంతలు కలుపుమని డీలర్ చెప్పిండు. ఇగ నేను చెప్పేది ఇనుండ్రి." అంతే చెప్పి ఆగింది. ముగింపు ఏం చెప్పాలో కాసేపు తెలియలేదు. రాజేశ్వరి నోటి దాకా వచ్చిన మాటను మింగేసుకుంది. సమ్మమ్మే మళ్లీ మైకు దగ్గరికి వంగింది. "ఇప్పటిదాక చెప్పింది సమ్మమ్మను నేను. నడుమల ఎవలు ఏం కొయ్యలె. మీ ఇంట్ల గా డబ్బా ఉంటె ఒక్కసారి మీ పిల్లల దిక్కు సూడుండ్రి. పోయొత్త."

యాదగిరి స్పూలు మీది ముచ్చటంతా క్యాసెట్‌లోకి ఎక్కించాడు. ఎక్కినంతసేపూ నలుగురూ నిలబడే ఉన్నారు. క్యాసెట్ సమ్మమ్మ చేతికి ఇద్దామని రాజేశ్వరి చెయ్యి చాపితే, "మా ఇంట్ల దీనికి మిషను లేదు. నీ కాడ ఉంచు. ముందు ఆయన ఏం జేత్తడో సూద్దాం" అంది. బస్సు వేళయిందని అత్తాకోడళ్లు వెళ్లిపోయారు.

కిషన్ రావు భారతిని తీసుకుని వచ్చేసరికి యాదగిరి కాక రాజేశ్వరి ఒక్కతే ఉంది. దాచలేదు. సంచీలోంచి క్యాసెట్ తీసి చూపించింది. "సమ్మమ్మ తన పరిచయం తనే చెప్పుకుంది. ఇదీ అది."

కిషన్ రావు యాదగిరి వంక ఒక చూపు చూసి, నవ్వేశాడు. "ఉంచుకోండి మేడం. రేడియో లక్షమంది ఇంటరు. క్యాసెట్ మీ అమ్మ ఇంటది."

భారతి ఏమీ తెలియని పిల్ల. మైకు ముందు కూర్చుని, "మేడం, 'చెవి మాత్రం ఇటు వేయండి' అనేటప్పుడు నవ్వాల్నా?" అని అడిగింది. రాజేశ్వరి సంచీ తీసుకుని బయటికి నడిచింది.

ఆదివారం పొద్దున ఇంట్లో రేడియో దగ్గర నిలబడే విన్నది. తన నమస్కారం, తన పనీ, తన చెవీ అన్నీ భారతి నోట్లో. కూర్చుంటే రేడియో విసిరికొడతానేమోనని నిలబడింది. దీర్ఘకాలం అనారోగ్యం వచ్చింది. వెంటనే సమ్మమ్మ గొంతు: "ఆయన పోయినంక చేను ఖాళీగ పడావు వెట్టద్దనుకున్న." ఆ మాటకు ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు సగానికి తెగింది. కోసింది అక్కడే. డబ్బా ముక్క లేదు. సాలు ముక్క లేదు. ఆడవాళ్ల నవ్వులున్నాయి. చివర ఆధునిక సస్యరక్షణ మందుల అండ. ఆ వెంటే తన ముగింపు: "ఇందులో మీకు నచ్చిందేదైనా ఉంటే అన్నం తినేటప్పుడు పక్కవాళ్లకు చెప్పండి."

రాజేశ్వరి చెప్పులేసుకుంది. తమ్ముడి టేప్‌రికార్డరు సంచీలో పెట్టుకుంది. "ఆదివారం ఎక్కడికే?" అని తల్లి అడిగితే, "పరకాల" అని మెట్లు దిగింది.

సమ్మమ్మ ఇంటి ముందు అడుగుపెట్టేసరికి యాకమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏ మొకం పెట్టుకోని వచ్చినవ్? పొద్దటిసంది మంది వచ్చి అడుగుతాండ్రు, కంపెనోల్లు ఎంత ముట్టజెప్పిండ్రని! నా మొగని తోడబుట్టినోడే అడిగిండు. కొడుకు సావును అమ్ముకున్నరా అని నా మొకం మీద అడిగిండు!"

రాజేశ్వరి చీపురు దెబ్బకు సిద్ధంగానే నిలబడింది. "అమ్మా, తిట్టు. తిట్టి అయినంక నాతో రా. క్యాసెట్ తెచ్చిన."

సమ్మమ్మ ఇంట్లోంచి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో మార్కెట్ వాళ్లు కప్పిన శాలువా ఉంది, పొయ్యిలో పెడదామని తీసినట్టుంది. దాన్ని గడప మీద పడేసింది.

"ఈడ కాదు. ఈడ పది మంది ఇంటరు. పరకాలల ఇయ్యాల అంగడి. నడువు."

డీలరు దుకాణం ఆ వారపు అంగడి నడుమ. దానికి ఎదురుగా రాజమల్లు చాయ్ హోటలు, హోటలు మీద సినిమా పాటలు పెట్టే మైకు. సమ్మమ్మ నేరుగా పోయి పాట ఆపమంది. రాజమల్లు ఆమె మొహం చూసి ఎందుకని అడగలేదు. క్యాసెట్ వేశాడు.

"నేను సమ్మమ్మను. నా పెనిమిటి కట్టయ్య. ఆయనకు ఏ రోగం లేదు."

మిరపకాయల గుట్టల దగ్గర బేరాలు ఆగాయి. కొందరు పైకి, మైకు దిక్కు చూశారు. కొందరు కింద నిలబడ్డ సమ్మమ్మను చూశారు. డీలరు దుకాణంలోంచి ఉరికొచ్చి, "బంజెయ్ రా రాజమల్లూ! పోలీసులను పిలుస్త" అని అరిచాడు. యాకమ్మ హోటలు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆమెను దాటి లోపలికి పోయే ధైర్యం అతనికి చాలలేదు. క్యాసెట్ నడుస్తూనే ఉంది.

అది అయిపోకముందే తలపాగా చుట్టుకున్న ఒకాయన ముందుకొచ్చాడు. "మా తమ్ముడు సుత గట్లనే పడ్డడు. బతికిండు కని, ఇప్పటికి చెయ్యి వణుకుతది. నాకు గూడ రెండంతలనే చెప్పినవ్ గదరా?" అని డీలరు చొక్కా పట్టుకున్నాడు. పక్కనున్నవాళ్లు విడిపించారు, కానీ తొందరగా విడిపించలేదు. క్యాసెట్ అయిపోగానే మళ్లీ వెయ్యమన్నారు. రాజమల్లు మళ్లీ వేశాడు. సాయంత్రానికి డీలరు గుమ్మం ముందు మూత తీయని డబ్బాలు గుట్టగా పడ్డాయి. దుకాణం మూసి అతను ఎటో పోయాడు. ఎవరెవరో వచ్చి క్యాసెట్ కాపీ చేసుకుంటామని అడిగారు. ఇవ్వమంది సమ్మమ్మ.

ఆ వారంలోనే కిషన్ రావు రాజేశ్వరి ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కంపెనీ ప్రోగ్రాం బంజేశింది. సంతోషమేనా? పైరుకాపు పేరు చెప్తె పరకాల దిక్కు కొట్టెటట్టున్నరట. ఇగ ఏ కంపెనీ వచ్చినా మీ పేరు చెప్త, ఈమెను మాత్రం పెట్టుకోకుండ్రి అని చెప్త. మూడేండ్లు ఇంటింటికి ఎరుక చేసిన గొంతు మీది. ఒక్కదినంల మట్టిల కలుపుకుంటిరి."

"నా గొంతు నేను కలుపుకోలేదు. నా నమస్కారం మీరు ఆ పిల్ల నోట్లో పెట్టి, దాని వెనక అబద్ధం పెట్టినప్పుడే కలిపిండ్రు. మూడేండ్ల సంది జనం ఆ నమస్కారాన్ని నమ్మిండ్రు కాబట్టే, కన్నకొడుకు సావును అమ్ముకున్నవా అని ఆ ముసలామెను అడిగిండ్రు. ఆ నమ్మకం మీరు కట్టింది కాదు. తియ్యను మీకు హక్కు లేదు."

"నాలుగు మాటలు మేడం! నాలుగు మాటల కోసం..."

"నాలుగే. వాటినే మీరు ఎందుకు మార్చిండ్రు మరి? వదిలేయకపోతిరా?"

కిషన్ రావు చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటేటప్పుడు, "యాదగిరి దుకాన్ల నా పని బంద్" అన్నాడు. అది ఆమెకు గట్టిగా తగిలింది. ఆ సాయంత్రమే యాదగిరి దగ్గరికి పోయింది. అతను భజన మండలి వాళ్ల కోసం మైకు సర్దుతూ, "ఫికర్ చెయ్యకండి మేడం, పరకాల నుంచి క్యాసెట్ల కోసం మంది వస్తనే ఉన్నరు" అన్నాడు. ధైర్యం చెప్పడానికే అన్నాడని ఆమెకు తెలుసు.

ఆదివారాలు ఆ పావుగంటలో సినిమా పాటలు రావడం మొదలైంది. రాజేశ్వరిని మళ్లీ ఎవరూ మైకు ముందుకు పిలవలేదు. చౌరస్తాలో తెలిసినవాళ్లు ఎదురైతే, "మీ ప్రోగ్రాం ఆగిపాయె, అయ్యో" అనేవారు. "ఆగలేదు, ఆపేసిండ్రు" అని అక్కడే నిలబెట్టి సంగతంతా చెప్పేది. పని మీద పోతున్న వాళ్లను కూడా వదిలేది కాదు.

సంక్రాంతి సెలవులకు ముందు సమ్మమ్మ వచ్చింది. కట్టయ్య చావు మీద విచారణ కావాలని, డీలరు లైసెన్సు తీసేయాలని కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టాలట. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు వెంట ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి చావులే. రాజేశ్వరి బడికి సెలవు పెట్టి వాళ్లతో నడిచింది. కచేరీ వరండాలో గుమాస్తా దరఖాస్తు చేతిలోకి తీసుకుని, పైనుంచి కిందికి చూసి, తల ఎత్తకుండానే రాజేశ్వరిని అడిగాడు.

"వీళ్లెవరమ్మా?"

రాజేశ్వరి సమ్మమ్మ ముందు నుంచి పక్కకు జరిగింది. "ఆమెనే అడగండి" అంది. రేడియోలో విన్న ఆ గొంతుకు గుమాస్తా తలెత్తాడు.